అచ్చైన పేపర్లే అధ్యాయాలైతే...
థీసిస్ ఆఫీసుకు గైడ్ రాసే మినహాయింపు ఉత్తరం కథ

అమెరికాలో పీహెచ్‌డీ డిఫెన్స్ ముగిశాక కమిటీ సభ్యులు విద్యార్థితో చేయి కలిపి, మొదటిసారి పేరుకు ముందు ‘డాక్టర్’ చేర్చి పిలుస్తారు. ఆ కబురు వెంటనే ఇంటికి చేరుతుంది. పట్టా మాత్రం ఇంకా చేతికి రాదు. గ్రాడ్యుయేట్ స్కూల్‌లో థీసిస్ ఆఫీస్ అనే చిన్న విభాగం ఉంటుంది. అక్కడి ఉద్యోగి ఫైలు తెరిచి చూసేది పరిశోధనను కాదు. మార్జిన్లు సరిపోయాయా, పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయా, విషయసూచికలోని శీర్షిక లోపలి శీర్షికతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తోందా, రిఫరెన్సులన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయా అని చూస్తారు. తేడా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. సరిచేసి పంపేలోగా గడువు దాటిందంటే పట్టా తర్వాతి సెమిస్టర్‌కు జరుగుతుంది.

థీసిస్ మొత్తం కొత్తగా రాసుకున్న వారికి ఇది రెండు మూడు రోజుల విసుగుతో పోతుంది. చిక్కంతా అధ్యాయాలు ముందే జర్నళ్లలో పేపర్లుగా అచ్చైన వారికే. ఒక్కో జర్నల్‌ది ఒక్కో తీరు. ఒకటి రిఫరెన్సులకు అంకెలు వేయమంటుంది, ఇంకొకటి రచయిత పేరూ సంవత్సరమూ ఇమ్మంటుంది. ఒకదానిలో రెండు కాలమ్‌లు, మరోదానిలో ఒకటే. వీటన్నిటినీ ఒక అట్టల మధ్య పెట్టి ‘ఇదే నా థీసిస్’ అంటే థీసిస్ ఆఫీస్ ఒప్పుకోదు. అప్పుడు విద్యార్థి తరఫున గైడ్ గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్‌కు ఒక ఉత్తరం రాస్తారు: ‘ఈ థీసిస్‌కు ఫార్మాట్ నియమాల నుంచి మినహాయింపు ఇవ్వండి’ అని. పేజీన్నర దాటని ఆ ఉత్తరంలో ఏం అడగాలో, ఏం అడిగినా ప్రయోజనం ఉండదో తెలియక చాలామంది తిప్పలు పడతారు.

ఈ పట్టింపు ఎక్కడిది?

షికాగో యూనివర్సిటీలో 1930 నుంచి 1958 వరకు కేట్ టురాబియన్ అనే ఆవిడ థీసిస్‌ల సెక్రటరీగా పనిచేశారు. అక్కడ సమర్పించే ప్రతి సిద్ధాంత గ్రంథమూ ఆమె బల్ల దాటి వెళ్లాల్సిందే. విద్యార్థులు చేసే తప్పులే మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే, ఏది ఎలా టైపు చేయాలో చెబుతూ 1937లో ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. అది పెరిగి పెద్దదై, ఎన్నో కూర్పులు దాటి, నేటికీ ఆమె పేరుతోనే అమ్ముడవుతోంది.

ఆ మరుసటి ఏడాది, 1938లో, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో యూజీన్ పవర్ యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ అనే కంపెనీ పెట్టారు. థీసిస్ పేజీలను ఫిల్ముకెక్కించి గ్రంథాలయాలకు అందించడం దాని పనుల్లో ఒకటి. తర్వాత ప్రోక్వెస్ట్‌గా మారిన ఆ సంస్థకే ఇప్పటికీ అమెరికా యూనివర్సిటీల థీసిస్‌లు పెద్ద ఎత్తున చేరుతున్నాయి. మరీ చిన్న అక్షరం ఫిల్ములో అలుక్కుపోతుంది. ఎడమ మార్జిన్ తక్కువైతే బైండింగ్ కుట్టులో వాక్యాల మొదళ్లు దూరిపోతాయి. ఎడమ పక్క అంగుళంన్నర వదలమనే పాత నియమం అందుకే పుట్టింది.

బైండింగ్ తగ్గింది, మైక్రోఫిల్మ్ మూలపడింది. అయినా నియమాలకు కొత్త కారణాలు దొరికాయి. థీసిస్ ఇప్పుడు అందరూ తెరిచి చదివే పీడీఎఫ్. అందులో వెతికితే మాట దొరకాలి. విషయసూచికలో నొక్కితే పేజీ తెరుచుకోవాలి. చూపులేని పాఠకుడి కోసం కంప్యూటర్ దాన్ని పైకి చదవగలగాలి. ఒక పేపర్‌ను ఫొటోలా అతికిస్తే వీటిలో ఏదీ జరగదు. కాబట్టి థీసిస్ ఆఫీస్ ‘వద్దు’ అన్నప్పుడు అది వట్టి చాదస్తం అనుకోనక్కర్లేదు.

దేశానికో దారి

ఇదే థీసిస్‌ను స్వీడన్‌లో రాసి ఉంటే ఈ ఉత్తరం అవసరమే పడేది కాదు. అక్కడ సైన్సు విభాగాల్లో సంకలన థీసిస్ మామూలు సంగతి. పరిశోధన మొత్తాన్ని కలిపి చెప్పే ముందు భాగాన్ని విద్యార్థి కొత్తగా రాస్తారు. దాన్ని ‘కప్పా’ అంటారు. దాని వెనక పేపర్లను జర్నల్‌లో అచ్చైన రూపంలోనే చేరుస్తారు. డిఫెన్స్‌కు కొన్ని వారాల ముందు థీసిస్ ప్రతిని గోడకో చెట్టుకో మేకు దిగగొట్టి ప్రకటించే ఆనవాయితీ కూడా అక్కడి యూనివర్సిటీల్లో ఉంది.

కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ మధ్యేమార్గం పట్టింది. పేపర్లతో థీసిస్ కట్టడానికి అది ఒప్పుకుంటుంది. కానీ పేపర్ల దొంతర ఒక్కటే చాలదంటుంది. ఒక అధ్యాయం నుంచి తర్వాతి దానికి ఎందుకు వెళ్తున్నామో చెప్పే వారధి వాక్యాలు ఉండాలి. ఏ రచయిత ఏ పని చేశారో విడిగా రాయాలి. అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఒకే నియమం లేదు. ఒక యూనివర్సిటీ అధ్యాయం చివర రిఫరెన్సులు ఇవ్వడాన్ని మామూలుగానే అనుమతిస్తుంది, మరొకటి అన్నీ గ్రంథం చివరే ఉండాలంటుంది. అందువల్ల గైడ్ కలం పట్టేముందు తమ స్కూల్ హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ చదవడం మొదటి పని. నియమమే అనుమతిస్తున్న దానికి మినహాయింపు అడిగిన ఉత్తరాలూ లేకపోలేదు.

ఒక థీసిస్‌ను ముందు పెట్టుకుని చూద్దాం

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి అమెరికా వెళ్లిన ఒక విద్యార్థిని అనుకుందాం. అమ్మోనియా వాయువును పసిగట్టే సెన్సర్ల మీద పరిశోధన చేసింది. మూడు పేపర్లు అచ్చయ్యాయి. పలచటి పొరను తయారుచేసే పద్ధతి మీద రాసిన మొదటిది ఎల్సెవియర్ జర్నల్‌లో వచ్చింది. సెన్సర్ సర్క్యూట్ గురించిన రెండోది ఐట్రిపులీ జర్నల్‌లో వచ్చింది. సెన్సర్ ఎంతకాలం మన్నుతుందో చెప్పే మూడోది ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో, సీసీ బై లైసెన్సు కింద వచ్చింది. ఈ మూడే థీసిస్‌లో 2, 3, 4 అధ్యాయాలు.

గైడ్ మొదట రాసిన ఉత్తరంలో ఒకటే కోరిక ఉంది: ‘మూడు పేపర్లూ ఇప్పటికే నిపుణుల పరిశీలన దాటి అచ్చయ్యాయి. సమయం తక్కువగా ఉంది. కాబట్టి వాటిని ఉన్నది ఉన్నట్టు చేర్చడానికి అనుమతించండి.’

ఇలాంటి ఉత్తరం తిరిగి రావడానికే ఎక్కువ అవకాశం. మొదటి కారణం, ‘ఉన్నది ఉన్నట్టు’ అంటే ఏ నియమం నుంచి మినహాయింపు కావాలో తేలదు. మార్జిన్లా, అక్షరం సైజా, పేజీ నంబర్లా, అన్నీనా? రెండోది, సమయం లేదన్నది విద్యార్థి కష్టమే తప్ప థీసిస్‌కు సంబంధించిన కారణం కాదు. మూడోది, పేపర్లను నిపుణులు చూశారన్నది నిజమే కానీ, వాళ్లు చూసింది పరిశోధనను. థీసిస్ ఆఫీస్ అడుగుతున్నది పుటల అమరిక గురించి.

ఉన్నది ఉన్నట్టు అతికిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. అమెరికా కాగితం వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు. రెండు పక్కలా అంగుళం చొప్పున వదిలితే మిగిలేది ఆరున్నర. జర్నల్ పేజీ ఎనిమిదింపావు అంగుళాల వెడల్పు ఉందనుకుంటే, దాని మార్జిన్లతో సహా ఆరున్నరలో ఇమడ్చడానికి సుమారు 79 శాతానికి కుదించాలి. జర్నల్‌లో 9 పాయింట్లున్న అక్షరం 7కు పడిపోతుంది. బొమ్మల్లో 7 పాయింట్లున్న అంకెలు ఐదున్నరకు దిగిపోతాయి. పైగా ఒకే పుటలో జర్నల్ వేసిన 1123, థీసిస్ వేసిన 47 రెండూ కనిపిస్తాయి. ‘చూడండి: పుట 47’ అని ఎక్కడైనా రాస్తే ఏ 47 అన్నది పాఠకుడే తేల్చుకోవాలి.

కాబట్టి గైడ్, విద్యార్థిని కూర్చుని అసలు మినహాయింపు లేకుండా సర్దుకోగలిగినవి ఏవో ఏరారు. పేపర్ల పాఠాన్ని థీసిస్ అక్షరంలో, ఒకే కాలమ్‌లో మళ్లీ అమర్చడం కష్టమేమీ కాదు. బొమ్మల అసలు ఫైళ్లు విద్యార్థిని దగ్గరే ఉన్నాయి, పెద్దవిగా పెట్టుకోవచ్చు. బొమ్మల నంబర్లను 2.1, 2.2 అని అధ్యాయాల వారీగా మార్చవచ్చు. ఒక పేపర్‌లో ఉష్ణవాహకతకు ఒక గుర్తు, మరోదానిలో వేరే గుర్తు వాడి ఉంటే, మొదట్లో గుర్తుల పట్టిక ఒకటి ఇస్తే సరిపోతుంది.

ఇవన్నీ పోగా రెండే మిగిలాయి. ఒకటి, రిఫరెన్సుల జాబితా. తమ స్కూల్ నియమం ప్రకారం అవి గ్రంథం చివర ఒకే పద్ధతిలో ఉండాలి. మూడు పేపర్ల పాఠకులు మూడు వేరు రంగాల వారు, ప్రతి అధ్యాయాన్నీ విడిగా దించుకుని చదువుతారు. అచ్చైన పేపర్‌లో 12వ రిఫరెన్సు థీసిస్‌లో 57 అయితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసేవారికి ఇబ్బంది. రెండోది, అనుబంధంలోని గ్రాఫులు. అవి పరికరం నుంచి నేరుగా బొమ్మలుగా వచ్చినవి. వాటిలోని కొన్ని అంకెలు స్కూల్ నిర్దేశించిన కనీస సైజు కంటే చిన్నవి. పెద్దవి చేయాలంటే కొలతలు మళ్లీ తీయాలి.

రెండో ఉత్తరం ఇలా ఉంటుంది

ఇలాంటి ఉత్తరం అసలు ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. దాని సారం తెలుగులో చెప్పుకుంటే ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ గారికి. నా పర్యవేక్షణలో పరిశోధన చేసిన ఈ విద్యార్థిని థీసిస్ విషయంలో, మీ హ్యాండ్‌బుక్‌లోని రెండు నియమాల నుంచి మినహాయింపు కోరుతున్నాను. మొదటిది, రిఫరెన్సులన్నీ గ్రంథం చివర ఒకే జాబితాగా ఉండాలన్న నియమం. 2, 3, 4 అధ్యాయాలకు ఆయా అధ్యాయాల చివరనే, పేపర్‌లోని నంబర్లు మారకుండా జాబితా ఇస్తాం. రెండోది, బొమ్మల్లో అక్షరాల కనీస సైజు నియమం. ఇది అనుబంధంలోని పరికరపు గ్రాఫులకు మాత్రమే కావాలి. ఆ బొమ్మల కింద వివరణ మామూలు సైజులో ఉంటుంది.

మిగతా నియమాలన్నీ పాటిస్తాం. మార్జిన్లు, వరుస పేజీ నంబర్లు, ఒకే విషయసూచిక ఉంటాయి. మొదటి, చివరి అధ్యాయాలు కొత్తగా రాసినవి. ప్రతి పేపర్ అధ్యాయానికి ముందు, అది ఎక్కడ ఎప్పుడు అచ్చైందో, అచ్చైన పాఠానికీ ఇక్కడి పాఠానికీ తేడాలేమిటో చెప్పే చిన్న గమనిక ఉంటుంది.

మూడు పేపర్లకూ విద్యార్థినే మొదటి రచయిత. ప్రయోగాల రూపకల్పన, కొలతలు, మొదటి చిత్తు ఆమెవే. సహ రచయితల పాత్ర జతచేసిన పత్రంలో ఉంది. వారి సమ్మతి పత్రాలు, ప్రచురణకర్తల అనుమతుల వివరాలు కూడా జతచేశాను. థీసిస్ కమిటీ ఈ అమరికకు ఒప్పుకుంది.’

మొదటి ఉత్తరానికీ దీనికీ తేడా మర్యాదలో లేదు. దీన్ని చదివిన అధికారి ఏ నియమం, ఏ పుటలు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడే చూసుకుని, ఔననో కాదనో రాయగలరు. ఒకటి ఒప్పుకుని రెండోది కాదన్నా థీసిస్ ఆగిపోదు. ఒకే జాబితా చేయమంటే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌తో ఆ పని తొందరగానే అవుతుంది. ఇది కూడా గైడ్ ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు: సాఫ్ట్‌వేర్ చేసే పనికి మినహాయింపు దేనికి? ‘మా రంగంలో అధ్యాయాలను విడిగా చదువుతారు’ అన్నది దానికి జవాబు. ‘మాకు కుదరదు’ అన్నది జవాబు కాదు.

డీన్ చేతిలో లేనివి

ఈ ఉత్తరాల్లో తరచూ జరిగే పొరపాటు మూడు వేరువేరు అనుమతులను ఒకటిగా కలిపేయడం. పుటల అమరిక మీద అధికారం గ్రాడ్యుయేట్ స్కూల్‌ది. అచ్చైన పేపర్ మీద కాపీరైట్ చాలాసార్లు ప్రచురణకర్తది. పేపర్‌లోని పనిలో వాటా సహ రచయితలది. డీన్ సంతకం మొదటి దానికే చెల్లుతుంది.

మన ఉదాహరణలోని మూడు పేపర్లకూ కాపీరైట్ సంగతి మూడు రకాలు. ఎల్సెవియర్ తన రచయితలను పేపర్‌ను థీసిస్‌లో చేర్చుకోనిస్తుంది, థీసిస్‌ను వ్యాపారంగా అమ్మకూడదు, జర్నల్ పేరు చెప్పాలి. సీసీ బై పేపర్‌కు మూలం చెప్పి, మార్పులు చేస్తే ఆ సంగతి రాస్తే చాలు. ఐట్రిపులీ దగ్గర ఒక మెలిక ఉంది. మొత్తం పేపర్‌ను థీసిస్‌లో వాడుకోవడానికి అది ప్రత్యేక లైసెన్సు అడగదు. కానీ థీసిస్‌ను ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు పేపర్ ఆమోదం పొందిన ప్రతిని మాత్రమే వాడాలంటుంది, జర్నల్ అమర్చి అచ్చువేసిన ప్రతిని కాదు. నిర్ణీత కాపీరైట్ వాక్యం కూడా చేర్చాలి. అంటే మొదటి ఉత్తరానికి డీన్ ‘సరే, ఉన్నది ఉన్నట్టు పెట్టుకోండి’ అని ఉంటే, మూడో అధ్యాయం ఐట్రిపులీ షరతుకు విరుద్ధమై ఉండేది. స్కూల్ ఇచ్చిన మినహాయింపే విద్యార్థిని ఇరుకున పెట్టేది.

సహ రచయితల సంగతి ఇంకా సున్నితం. ఒకే ల్యాబ్‌లో ఇద్దరు విద్యార్థులు కలిసి చేసిన పేపర్‌ను ఇద్దరూ తమ థీసిస్‌లో అధ్యాయంగా పెట్టుకోవాలనుకోవచ్చు. అప్పుడు ‘మొదటి రచయిత’ అన్న మాట సరిపోదు. ఏ బొమ్మ ఎవరి కొలత, ఏ భాగం ఎవరు రాశారు అని విడదీసి చెప్పాలి. గైడ్ కూడా ఆ పేపర్‌లో సహ రచయితే కాబట్టి, ఈ విభజన ఉత్తరంలో గైడ్ మాట మీదే ఆగకుండా మిగతావారి సంతకాలతో రావడం మంచిది.

మినహాయింపు దొరికినా మిగిలే చిక్కు ఒకటుంది. డిఫెన్స్‌లో కమిటీ సభ్యుడు ఒక సమీకరణంలో గుర్తు తప్పిందని పట్టుకున్నారనుకోండి. పేపర్ అప్పటికే అచ్చయింది. థీసిస్‌లో మళ్లీ అమర్చిన అధ్యాయమైతే దాన్ని సరిదిద్ది, ‘అచ్చు ప్రతిలో ఇలా ఉంది, ఇక్కడ సరిచేశాం’ అని గమనిక రాయవచ్చు. జర్నల్ పీడీఎఫ్‌నే అతికించి ఉంటే తప్పు అలాగే నిలిచిపోతుంది, పక్కన సవరణ పత్రం తగిలించుకోవాలి. తప్పు ఫలితాన్ని మార్చేంత పెద్దదైతే జర్నల్‌కూ రాయాల్సి వస్తుంది. పాఠాన్ని మళ్లీ అమర్చమని థీసిస్ ఆఫీస్ పట్టుపట్టడం ఇక్కడ విద్యార్థికే మేలు చేస్తుంది.

మన దగ్గర దీని రూపం వేరు

తెలుగు రాష్ట్రాల్లో పీహెచ్‌డీ చేసేవారికి ఇదే సమస్య మరో వైపు నుంచి వస్తుంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. అది 10 నుంచి 40 మధ్య ఉంటే సవరించి మళ్లీ సమర్పించాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు విద్యార్థి ఎవరిదో కాజేశాడా, తన పేపరే తాను వాడుకున్నాడా అన్నది తెలియదు. అధ్యాయం పేపర్‌గా అచ్చయి ఉంటే వాక్యం వాక్యం కలుస్తుంది, అంకె పెరిగిపోతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సైన్సు థీసిస్‌లు తిరగేస్తే ముందు పుటల్లో గైడ్ సంతకంతో ఒక ధ్రువపత్రం తరచూ కనిపిస్తుంది. మొత్తం పోలిక ఇంత శాతం, అందులో విద్యార్థి సొంత పేపర్ల నుంచి వచ్చింది ఇంత, అది తీసేస్తే మిగిలేది ఇంత అని అందులో లెక్క ఉంటుంది. అమెరికా గైడ్ మార్జిన్ల గురించి రాసే ఉత్తరానికి మన గైడ్ శాతాల గురించి ఇచ్చే ఈ ధ్రువపత్రం దగ్గరి చుట్టం. రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ముందే అచ్చైన సొంత పనిని థీసిస్‌లో పెట్టుకున్నప్పుడు, ఆ సంగతిని బయటికి చెప్పి పెట్టుకున్నారా, లేదా?

2016 నాటి యూజీసీ నియమాల్లో థీసిస్ సమర్పించే ముందు కనీసం ఒక పేపర్ అచ్చవాలని ఉండేది. 2022 నియమాల్లో ఆ తప్పనిసరి పోయింది. అయినా సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులు పేపర్లు రాయడం మానలేదు కాబట్టి ఈ ధ్రువపత్రం అవసరమూ పోలేదు.

విదేశాల్లో ఉన్నా, ఇక్కడే ఉన్నా పేపర్లతో థీసిస్ కట్టాలనుకునే విద్యార్థి చేయాల్సిన పని ఒకటి ఉంది. మొదటి పేపర్ ఆమోదం పొందిన రోజే జర్నల్‌కు పంపిన చివరి ప్రతిని, బొమ్మల అసలు ఫైళ్లను, కాపీరైట్ ఒప్పందాన్ని, సహ రచయితల పాత్ర రాసిన కాగితాన్ని ఒక ఫోల్డర్‌లో దాచుకోవాలి. డిఫెన్స్ తేదీ ఖరారయ్యే లోపే ఆ ఫోల్డర్‌నూ, స్కూల్ హ్యాండ్‌బుక్‌నూ గైడ్ ముందు పెట్టి, మినహాయింపు నిజంగా కావాల్సినవి ఏవో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. డిఫెన్స్ అయ్యాక, గడువుకు వారం ముందు డీన్‌కు ఉత్తరం రాస్తే, అది ఎంత బాగా ఉన్నా జవాబు వచ్చేసరికి సెమిస్టర్ ముగిసిపోవచ్చు.